ఆటోనగర్‌లో మే నెల రక్తదాన శిబిరం: సామాన్ల లిస్టు వేసిన తీరు, తేడా వచ్చిన చోటు

విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాపుల యజమానులు కొందరు కలిసి మే నెలలో రక్తదాన శిబిరం పెడతామని మా బ్లడ్ బ్యాంక్‌కి లెటర్ ఇచ్చారు. మాది గుంటూరు. క్యాంపులకు సామాను సర్దించడం, మనుషుల్ని పంచడం నా పని. లెటర్‌తో పాటు వాళ్ళు తమ లిస్టు కూడా జత చేశారు. దాతలు 120 మంది వస్తారని అంచనా. కాబట్టి ఫారాలు 120, బ్యాగులు 120, జ్యూస్ ప్యాకెట్లు 120, అరటిపళ్ళు 120, సర్టిఫికెట్లు 120. కొత్తగా క్యాంపు పెట్టేవాళ్ళ లిస్టులు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. పెళ్ళికి విస్తళ్ళు లెక్కేసినట్టు అన్నిటికీ ఒకటే అంకె.

క్యాంపులో మాత్రం ఒకటే అంకె పనిచేయదు. వచ్చినవాళ్ళందరూ ఫారం నింపుతారు. అందులో కొందరు బరువు దగ్గర, బీపీ దగ్గర ఆగిపోతారు. వేలికి పొడిచి హిమోగ్లోబిన్ చూసేది మిగతా వాళ్ళకే. డాక్టర్ సరేనన్నవాళ్ళే బెడ్ ఎక్కుతారు. ఇంకోవైపు టిఫిన్ తినేవాళ్ళు, మంచినీళ్ళు తాగేవాళ్ళు వచ్చినవాళ్ళకంటే ఎక్కువే ఉంటారు, ఎందుకంటే వాలంటీర్లు, మా టీమ్, ఫొటోల కోసం వచ్చిన పెద్దమనుషులు కూడా అందులో కలుస్తారు. అందుకని ప్రతి వస్తువుకీ పక్కన అంకె రాసే ముందు, అది ఎవరి చేతిలోకి వెళ్తుందో రాసుకుంటాం. లెక్క దాన్నిబట్టి వస్తుంది.

ముందు బెడ్ల లెక్క

ఆటోనగర్ వాళ్ళు చూపించిన హాల్లో ఆరు బెడ్లకు మించి పట్టవు. ఒక దాత బెడ్ మీదకి వచ్చి, చెయ్యి శుభ్రం చేసి, సూది పెట్టి, రక్తం తీసి, దూది నొక్కి పట్టుకుని, లేచి కూర్చుని దిగేసరికి ఇరవై నిమిషాల లోపు పడుతుంది. రక్తం తీసే సమయం అందులో ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే, మిగతాది ముందూ వెనకా. అంటే ఒక్కో బెడ్‌కి గంటకి ముగ్గురు. ఆరు బెడ్లకు పద్దెనిమిది, మహా అయితే ఇరవై మంది.

మే నెల కాబట్టి ఎనిమిదికి మొదలుపెట్టి పన్నెండున్నర లోపు ముగించాలనుకున్నాం. మధ్యాహ్నం ఎండలో రక్తమిచ్చి బయటికి వెళ్ళిన మనిషి రోడ్డు మీద పడిపోతే ఎవరూ చూడరు. నాలుగు గంటల పైచిలుకు పనికి ఎలా చూసినా 80 యూనిట్లు. ఔషధ నియమాల్లో క్యాంపు సిబ్బంది గురించి ఉన్న లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: మూడు గంటల్లో 50 నుంచి 70 యూనిట్లు తీయాలంటే ఆరు నుంచి ఎనిమిది బెడ్లకు ఒక మెడికల్ ఆఫీసర్, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు అటెండర్లు ఉండాలి.

కాబట్టి 120 అనేది లోపలికి వచ్చేవాళ్ళ అంకె, 80 అనేది రక్తమిచ్చేవాళ్ళ అంకె. లిస్టులో ప్రతి వరుసా ఈ రెంటిలో ఒకదాని కిందకి వెళ్ళింది.

ఫారాలు, స్టిక్కర్లు

ప్రశ్నల ఫారం, అంగీకార పత్రం తెలుగులోనే ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. లేత్ మెషిన్ దగ్గర పనిచేసే మనిషి కళ్ళజోడు ఇంట్లో పెట్టి వస్తాడు. ఫారాలు 135 తీసుకెళ్ళాం. అట్టలు, పెన్నులు పాతికేసి. చాలామంది చేతులకు గ్రీజు ఉంటుందని ఫారాల బల్ల పక్కనే సబ్బు, బకెట్ నీళ్ళు, పాత టవళ్ళు పెట్టించాం. చేతులు కడగకుండా వేలికి పొడిస్తే రక్తపు చుక్కతో పాటు గ్రీజు కూడా పరీక్షలోకి వస్తుంది.

ఆటోనగర్‌లో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మళ్ళీ డ్యూటీ ఎప్పుడు?" దూర ప్రయాణాల డ్రైవర్లు, ఒళ్ళు హూనమయ్యే పని చేసేవాళ్ళు తర్వాతి డ్యూటీకి 24 గంటల ముందు వరకే రక్తం ఇవ్వాలి, ఆ లోపు ఇవ్వకూడదు. రాత్రంతా పనిచేసి సరిగ్గా నిద్రపోనివాళ్ళూ ఇవ్వకూడదు. ఆ సాయంత్రమే లోడుతో బయలుదేరాల్సిన లారీ డ్రైవర్లను మా సోషల్ వర్కర్ ఫారాల బల్ల దగ్గరే పట్టుకుని, "అన్నా, ట్రిప్పు దిగి వచ్చాక రండి, అప్పుడు తీసుకుంటాం" అని నంబర్ రాసుకుని పంపించారు. ఈ ప్రశ్న బెడ్ దాకా వెళ్ళాక అడిగితే మనిషికి కోపం, మనకు అరగంట నష్టం.

నంబర్ స్టిక్కర్ల విషయంలో ఒక్క నియమం పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ దగ్గర స్టిక్కర్ అంటించం. డాక్టర్ సంతకం పడ్డాకే, బెడ్ పక్కన, దాత ఎదురుగా అంటిస్తాం. రక్తాన్ని భాగాలుగా వేరు చేయడానికి మూడు సంచులు కలిపి ఉండే బ్యాగ్ అయితే మూడు సంచులకీ మూడు, రెండు శాంపిల్ ట్యూబులకి రెండు, ఫారానికి ఒకటి, రిజిస్టర్‌కి ఒకటి. మొత్తం ఏడు, పాడైతే వేయడానికి ఒకటి, వెరసి దాతకి ఎనిమిదేసి. ముందే అంటిస్తే, వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళ నంబర్లు మధ్యలో ఖాళీలుగా మిగులుతాయి. ఆ మిగిలిన స్టిక్కర్ షీటు బల్ల మీద ఉండిపోయి, హడావిడిలో ఇంకొకరి ట్యూబుకి ఎక్కే ప్రమాదం ఉంటుంది.

బెడ్ దగ్గర పేరు అడిగే తీరు కూడా ముఖ్యమే. ఆటోనగర్‌లో వెంకటేశ్వర్లు అని పిలిస్తే నలుగురు తల తిప్పుతారు. "మీ పేరు వెంకటేశ్వర్లే కదా?" అంటే పక్క బెడ్ మీదాయన కూడా అవునంటాడు. మా నర్స్ ఫారం మూసి పట్టుకుని, "మీ పేరు చెప్పండి, నాన్నగారి పేరు చెప్పండి" అని అడిగి, ఆయన చెప్పాక ఫారం తెరిచి చూస్తుంది. పది సెకన్ల పని. రక్తం గ్రూపు తారుమారైతే దాని ఫలితం ఆసుపత్రిలో ఉన్న రోగి మీద పడుతుంది కాబట్టి ఈ పది సెకన్లు ఎవరినీ తగ్గించనివ్వం.

వాడి పారేసేవి

వేలికి పొడిచే లాన్సెట్లు 150 పెట్టాం. ఒక్కోసారి చుక్క సరిగ్గా రాక రెండోసారి పొడవాల్సి వస్తుంది. హిమోగ్లోబిన్‌కి ముందు కాపర్ సల్ఫేట్ ద్రావణం, అనుమానం ఉన్నవాళ్ళకి మీటర్ మీద స్ట్రిప్. ద్రావణం సాంద్రత 1.053 ఉంటే, అందులో వేసిన చుక్క పదిహేను సెకన్లలోపు మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్నట్టు లెక్క. 30 మి.లీ. సీసాతో పాతిక పరీక్షలకు మించి చేయకూడదు, ఆ పైన రక్తపు చుక్కలు కలిసి ద్రావణం పాడవుతుంది. 120 మందికి ఐదు సీసాలు, ఒకటి అదనం. ప్రతి సీసా మీద కాగితం అంటించి పరీక్షకో గీత గీస్తాం.

ఈ సీసాల పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే గంటలో నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది. అప్పుడు మంచి రక్తం కూడా తేలుతుంది. ఎలా తెలుస్తుందంటే, దిట్టంగా ఉన్న మగవాళ్ళు వరసగా ఇద్దరు ముగ్గురు ఫెయిలైతే తప్పు మనుషులది కాదు, సీసాది. ఆ రోజు పదిగంటల ప్రాంతంలో అదే జరిగింది. వరసగా ముగ్గురి చుక్కలు తేలాయి. టెక్నీషియన్ ఆపి, ముగ్గురికీ మీటర్ మీద చూస్తే ముగ్గురూ 13 పైనే. చూస్తే ఎవరో ఉక్కపోస్తోందని ఫ్యాన్ ఇటు తిప్పారు. సీసా మార్చి, మూత పెట్టి వాడమని చెప్పి పని కొనసాగించాం.

బ్యాగులు 90 తీసుకెళ్ళాం. 450 మి.లీ. మూడు సంచులవి 40, 350 మి.లీ. రెండు సంచులవి 50. 450 తీయాలంటే దాత బరువు 55 కిలోల పైన ఉండాలి, 350కి 45 కిలోలు చాలు. 80కి 90 ఎందుకంటే, సూది ఒకసారి దాతకి గుచ్చి నరం దొరక్కపోతే ఆ బ్యాగ్ ఇంకొకరికి పనికిరాదు. ఆ రోజు ఒక బ్యాగ్ సూది మూత తీసేటప్పుడు దుప్పటికి తగిలి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంకొక దాతకి మధ్యలో కళ్ళు తిరిగితే సగంలో ఆపేశాం. ఫాయిల్ కవర్ తెరిచిన బ్యాగులకు తెరిచిన తేదీ రాయాలి. క్యాంపులో మిగిలినవి తిరిగి స్టోర్‌కి వెళ్ళాక కవర్ మీద రాసిన గడువులోపు వాడేయాలి కాబట్టి, అవసరమైనప్పుడే ఒక్కో కవర్ తెరవమని అటెండర్‌కి చెప్పాం.

శాంపిల్ ట్యూబులు ఒక్కో దాతకి రెండు: ఊదా మూత ఈడీటీఏ ఒకటి, ఎర్ర మూతది ఒకటి. వంద చొప్పున తీసుకెళ్ళాం. స్పిరిట్ దూది, టేపు, గ్లోవ్స్ సంగతి ఎవరికైనా తెలిసిందే, అవి కాస్త ఎక్కువైనా నష్టం లేదు. లిస్టులో తరచుగా తప్పిపోయేవి చిన్నవి. ఆక్సిజన్ సిలిండర్ తెస్తారు, దాన్ని తిప్పే స్పానర్ మరిచిపోతారు. ఆటోనగర్‌లో స్పానర్లకు కొదవ లేదనుకోండి, అయినా సరైన సైజుది సిలిండర్ మెడకి తాడుతో కట్టేసి పంపుతాం. ట్యూబ్ సీలర్ తెస్తారు, కరెంటు పోతే గొట్టాన్ని నొక్కి బిగించే అల్యూమినియం క్లిప్పులు తేరు. రక్తం బరువు చూస్తూ బ్యాగ్‌ని ఊపే మానిటర్లు తెస్తారు, అవి మొరాయిస్తే వాడే స్ప్రింగ్ త్రాసు తేరు. త్రాసుతో చేయాల్సి వస్తే ఒక లెక్క గుర్తుంచుకోవాలి: 350 మి.లీ. రక్తం సుమారు 370 గ్రాములు, 450 మి.లీ. సుమారు 475 గ్రాములు. దీనికి ఖాళీ బ్యాగ్ బరువు కలపాలి. ఆ బ్యాగ్‌లో ముందే ఉండే గడ్డకట్టనివ్వని ద్రవం బరువు కూడా అందులోనే వస్తుంది.

టిఫిన్: ఏది పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి

నిర్వాహకులు ప్రేమగా పూరీ, మైసూర్ బజ్జీ ఏర్పాటు చేస్తామన్నారు. మేం వద్దన్నాం, వాళ్ళకి కాస్త చిన్నబుచ్చినట్టయింది. కారణం చెప్పాక ఒప్పుకున్నారు. రక్తమిచ్చే ముందు నూనె వస్తువులు తింటే ఆ కొవ్వు రక్తంలోకి చేరి, వేరు చేసిన ప్లాస్మా పాలలా తెల్లగా వస్తుంది. అలాంటి ప్లాస్మా రోగికి ఎక్కించం, పరీక్షల రీడింగులకు కూడా అడ్డం వస్తుంది. అలాగని ఖాళీ కడుపుతో రావద్దు. నాలుగు గంటల లోపు ఏదో ఒకటి తిని ఉండాలి. అందుకని ఇడ్లీ, అల్లం పచ్చడి, నెయ్యి లేకుండా. ఏడున్నర నుంచే హాలు బయట షెడ్డు కింద పెట్టించాం.

టిఫిన్ కన్నా ముఖ్యం నీళ్ళు. బెడ్ ఎక్కే ముందు అరగంట లోపు అరలీటరు నీళ్ళు తాగితే కళ్ళు తిరిగే అవకాశం తగ్గుతుంది. మే నెలలో వెల్డింగ్ షెడ్డులో పనిచేసే మనిషి ఒంట్లో పొద్దున్నే నీటి కొరత ఉంటుంది. కాబట్టి డాక్టర్ గది బయట వాటర్ బాటిళ్ళ పెట్టె, దాని దగ్గర ఒక కుర్రాడు. "బాటిల్ ఖాళీ చేసి చూపిస్తేనే లోపలికి" అని చెప్పాం. ఆ కుర్రాడు ఆ పనిని అవసరమైన దానికన్నా గట్టిగా చేశాడు, ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు కూడా.

రక్తమిచ్చాక ఇచ్చేవి: జ్యూస్ ప్యాకెట్, ఉప్పు వేసిన మజ్జిగ, గ్లూకోజ్ బిస్కెట్లు, అరటిపండు. ఇవి 150 చొప్పున, అంటే వచ్చినవాళ్ళ లెక్కన, రక్తమిచ్చినవాళ్ళ లెక్కన కాదు. బీపీ ఎక్కువుందని, బరువు చాలదని వెనక్కి పంపిన మనిషికి కూడా జ్యూస్ ఇచ్చి పంపాలి. స్నేహితులందరూ బెడ్ మీద ఉంటే తానొక్కడే ఒట్టి చేతులతో బయటికి నడవడం ఎవరికీ బాగుండదు, అలా వెళ్ళినవాడు మళ్ళీ రాడు.

చల్లదనం కోసం నిర్వాహకులు ఐసు దిమ్మలు తెప్పించారు. ఆ ఐసు సరుకు నిల్వకోసం తయారయ్యేది, తాగే నీటితో చేసినదన్న భరోసా లేదు. టబ్బులో వేసి ప్యాకెట్లు చల్లబరచుకోవచ్చు, గ్లాసులో వేయకూడదు. ఇంకో సంగతి, ఇది ప్రతి క్యాంపులోనూ జరుగుతుంది: రక్తం పెట్టే కూల్ బాక్సులో ఎవరో ఒకరు జ్యూస్ ప్యాకెట్లు చల్లబడతాయని సర్దేస్తారు. మంచి మనసుతోనే చేస్తారు. అందుకే రక్తం బాక్సులు బెడ్ల వెనక, గోడవారగా పెట్టి, మూత మీద మా టెక్నీషియన్ తప్ప ఎవరూ తెరవకూడదని ఎర్ర అక్షరాలతో కాగితం అంటించాం.

కూర్చునే చోట ఒక విషయం. దాతలు పడిపోయేది బెడ్ మీద తక్కువ, లేచి నాలుగడుగులు వేశాక ఎక్కువ. ఆ రోజు ఇరవై ఏళ్ళ వెల్డర్ కుర్రాడొకడు, మొదటిసారి ఇస్తున్నాడు, ఇడ్లీ తిన్నానని ఫారంలో రాశాడు గానీ తాగింది టీ ఒక్కటే. బెడ్ దిగి, జ్యూస్ అందుకుని, కుర్చీలో కూర్చున్న రెండు నిమిషాలకి ముఖం తెల్లబడి చెమటలు పట్టాయి. పక్కనున్న వాలంటీర్ కుర్చీలోంచి పడకుండా పట్టుకుని, అక్కడే కింద పరిచి ఉంచిన చాప మీద పడుకోబెట్టి, కాళ్ళు కుర్చీ మీదకి ఎత్తిపెట్టాడు. డాక్టర్ వచ్చి బీపీ, నాడి చూశారు. ఐదు నిమిషాలకి తేరుకుని నవ్వుతూ కూర్చున్నాడు. ఆ చాప లిస్టులో ఉన్న వస్తువు. ఖరీదు పెద్దగా ఉండదు, కానీ అది లేకపోతే తల సిమెంటు నేలకి తగులుతుంది.

చలువ పెట్టెలు: అసలు కథ ఇక్కడే

రక్తమంటే ఐసులో పెట్టాలని అందరూ అనుకుంటారు. సగం నిజం. 350 మి.లీ. బ్యాగుల్లోంచి మేం ఎర్ర కణాలు, ప్లాస్మా మాత్రమే తీస్తాం. అవి చల్లగానే రావాలి, దారిలో 2 నుంచి 10 డిగ్రీల మధ్య. 450 మి.లీ. బ్యాగుల్లోంచి ప్లేట్‌లెట్లు కూడా తీస్తాం. ప్లేట్‌లెట్లకు చలి పడదు. వాటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి, సేకరించిన ఆరు గంటల్లోపు వేరు చేయాలి. ఒకసారి ఐసు పెట్టెలో పెడితే ఆ బ్యాగ్‌లోంచి పనికొచ్చే ప్లేట్‌లెట్లు రావు. బయట 43 డిగ్రీల ఎండలో 22 డిగ్రీలు నిలపడం, 4 డిగ్రీలు నిలపడం కన్నా కష్టం. నాలుగుకి ఐసు ప్యాకులు ఉన్నాయి. ఇరవై రెండుకి ప్రత్యేకమైన ప్లేట్లు కావాలి. వాటిలో ఉండే ద్రవం 20 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అంతే డిగ్రీల దగ్గర కరుగుతూ రక్తంలోని వేడిని లాగుతుంది. రాత్రే వాటిని గడ్డకట్టించి, పొద్దున కాసేపు బయట ఉంచి మరీ చల్లదనం పోయాక పెట్టెలో సర్దుతాం.

నాలుగు డిగ్రీల పెట్టెలో కూడా ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకుని నేరుగా బ్యాగ్‌కి ఆనించకూడదు. పైకి తీసి, మీద మంచు కరిగి చెమ్మ పట్టేదాకా ఆగి, మధ్యలో అట్ట ముక్క పెట్టి సర్దాలి. ఆనిస్తే ఆ చోట రక్తం గడ్డకట్టి ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఆ నష్టం క్యాంపులో కనబడదు, ల్యాబ్‌లో తిప్పాక ప్లాస్మా ఎర్రగా వస్తే తెలుస్తుంది.

ఆరు గంటల లెక్కే వాహనం వేళని నిర్ణయించింది. మొదటి బ్యాగ్ 8:10కి నిండింది, అంటే 2:10 లోపు దాని పని అయిపోవాలి. ఆటోనగర్ నుంచి బెంజ్ సర్కిల్, వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్ ప్లాజా మీదుగా గుంటూరులో మా సెంటర్‌కి గంటంబావు. అన్నీ అయ్యాక ఒంటిగంటకి ఒకేసారి బయలుదేరితే చేరేసరికి 2:15. పొద్దున తీసిన బ్యాగుల గడువు దారిలోనే అయిపోతుంది. పైగా బ్యాగుల్ని గిర్రున తిప్పి రక్తాన్ని వేరు చేసే మా సెంట్రిఫ్యూజ్‌లో ఒక విడతకి 12 బ్యాగులే పడతాయి, ఒక్కో విడతకి అరగంట పైనే. అందుకని లిస్టులో రెండు వాహనాలు రాశాం. మొదటిది 10:40కి 18 పెద్ద బ్యాగులు, 22 చిన్నవి తీసుకుని వెళ్ళింది. వాటిలో రెండు పెద్దవాటికి రక్తం నిండడానికి 12 నిమిషాలు దాటింది. అలా నెమ్మదిగా వచ్చిన రక్తంలోంచి మేం ప్లేట్‌లెట్లు తీయం కాబట్టి, బ్యాగ్ మీద గుర్తు పెట్టి వాటిని చల్ల పెట్టెలోకి మార్చాం. ఇందుకే మొదలైన వేళ, ముగిసిన వేళ బ్యాగ్ మీదే రాయిస్తాం.

ఇక తేడా వచ్చిన చోటు. పదకొండు దాటాక కరెంటు పోయింది. నిర్వాహకులు జనరేటర్ పెట్టారు, అది లైట్లకి, ఫ్యాన్లకి, మా సీలర్‌కి సరిపోయింది గానీ ఏసీలకు సరిపోలేదు. అరగంటలో హాల్లో 32 డిగ్రీలు. దాతలకు ఇబ్బంది లేదు, మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. ఇబ్బంది పెట్టెకి వచ్చింది. బెడ్ దగ్గర నిండిన బ్యాగ్ నిండినట్టు ఒక్కోటే తెచ్చి మూత తెరిచి పెడుతున్నారు. తెరిచిన ప్రతిసారీ వేడిగాలి లోపలికి. పైగా ఒంటి వేడితో వచ్చే బ్యాగులన్నిటినీ అవే ప్లేట్లు చల్లబరచాలి. అవి మొత్తం కరిగిపోయాక ఇక వేడిని లాగే శక్తి ఉండదు, ఒట్టి నీళ్ళ సంచుల్లా మిగులుతాయి.

దీన్ని పట్టించింది థర్మామీటర్ పెట్టే పద్ధతి. పెట్టె గోడకి అంటించిన డిజిటల్ మీటర్ 22 చూపిస్తూనే ఉంది. మా సీనియర్ టెక్నీషియన్‌కి ఒక అలవాటుంది: రెండు బ్యాగుల మధ్య మీటర్ మొన పెట్టి, రబ్బరు బ్యాండుతో రెంటినీ కలిపి కట్టి, ఐదు నిమిషాలాగి చూస్తారు. గాలి వేడి కాదు, రక్తం వేడి తెలుస్తుంది. 11:50కి అలా చూస్తే పై వరసలో 26. ప్లేట్ పట్టుకుని వంచితే లోపల ద్రవం అటూ ఇటూ కదిలింది. గట్టిగా ఉండాల్సింది మొత్తం కరిగిపోయింది.

అప్పటికి ఆ పెట్టెలో ఉన్నవాటిలో తొమ్మిది బ్యాగులు ఆ పై వరసలోనే ఉన్నాయి. వాటిని ప్లేట్‌లెట్ల లెక్కలోంచి తీసేసి చల్ల పెట్టెలోకి మార్చాం. ఎర్ర కణాలు, ప్లాస్మా ఎలాగూ వస్తాయి. దాత ఇచ్చిన రక్తం వృథా కాలేదు, కానీ తొమ్మిది ప్లేట్‌లెట్ యూనిట్లు పోయాయి. మిగిలినవాటికి రిజర్వులో ఉన్న రెండో సెట్టు ప్లేట్లు వేసి, ఆ తర్వాత నుంచి బ్యాగుల్ని బెడ్ల దగ్గర ట్రేలో ఆరు చొప్పున పోగు చేసి, ఒకేసారి మూత తెరిచి పెట్టాం. రెండో వాహనం 12:50కి 16 పెద్దవి, 20 చిన్నవి తీసుకుని బయలుదేరింది.

ఎవరు ఏ పని

నర్సులు, టెక్నీషియన్ల పని వాళ్ళకి తెలుసు. తికమక అంతా వాలంటీర్ల దగ్గర వస్తుంది, అందరూ బెడ్ల చుట్టూ చేరతారు. మేం నలుగురికి నాలుగు స్థలాలు ఇచ్చి, కదలొద్దన్నాం: ఫారాల బల్ల, నీళ్ళ పెట్టె, బెడ్ నుంచి కుర్చీ దాకా దాత మోచెయ్యి పట్టుకుని నడిపించడం, కుర్చీల దగ్గర పదిహేను నిమిషాలు కాపలా. ఈ చివరివాడి చేతిలో వాచీ ఉంటుంది. పావుగంట కాకుండా లేచినవాళ్ళని కూర్చోబెట్టడం, ఈ పూట నిచ్చెన ఎక్కొద్దు, బరువులెత్తొద్దు, బైక్ మీద వేగంగా వెళ్ళొద్దు అని చెప్పడం అతని పని.

డాక్టర్ గురించి ముందే రాసిచ్చాం: క్యాంపు నడుస్తుండగా ఆయన స్టేజి ఎక్కరు. నాయకుడెవరో వస్తారు, శాలువా కప్పాలంటారు, ఫొటో కోసం బెడ్ మీద ఉన్న దాత చుట్టూ పదిమంది నిలబడతారు, ఆ పది నిమిషాల్లో సూది వైపు చూసేవాళ్ళు ఉండరు. సన్మానాలన్నీ ఏడున్నరకో, పన్నెండున్నర తర్వాతో పెట్టుకోమన్నాం. పదింటికి ఒక పెద్దాయన వచ్చారు. నిర్వాహకులే ఆయన్ని టిఫిన్ షెడ్డు వైపు తీసుకెళ్ళి అక్కడే దండ వేశారు, పని ఆగలేదు.

చెత్త బాధ్యత ఒక అటెండర్‌ది. సూదులు కట్టర్‌లో కోసి తెల్లటి గట్టి డబ్బాలోకి, గొట్టాలు, గ్లోవ్స్ ఎర్ర కవర్లోకి, రక్తమంటిన దూది పసుపు కవర్లోకి. మూడూ మా బండిలో వెనక్కి రావాలి, హాలు చెత్తబుట్టలో ఒక్క దూది కూడా మిగలకూడదు.

లెక్క తేలింది ఇలా

| వస్తువు | ఎవరి లెక్కన | తీసుకెళ్ళింది | వాడింది |
|---|---|---|---|
| ఫారాలు | వచ్చినవాళ్ళు | 135 | 108 |
| బ్యాగులు | బెడ్ ఎక్కినవాళ్ళు | 90 | 78 |
| శాంపిల్ ట్యూబులు | బెడ్ ఎక్కినవాళ్ళు | 200 | 154 |
| ఇడ్లీ ప్లేట్లు | వచ్చినవాళ్ళు, సిబ్బంది | 150 | అన్నీ |
| జ్యూస్, మజ్జిగ | వచ్చినవాళ్ళు, సిబ్బంది | 150 చొప్పున | మజ్జిగ అన్నీ, జ్యూస్ కొంచెం మిగిలింది |

108 మందిలో 27 మందిని డాక్టర్ వద్దన్నారు, ఎక్కువమంది బీపీ వల్ల, నిద్ర లేకపోవడం వల్ల. నలుగురు ఆలస్యమవుతోందని వెళ్ళిపోయారు. 77 మందికి సూది పెట్టాం, 76 యూనిట్లు పూర్తిగా వచ్చాయి. 34 పెద్ద బ్యాగుల్లో మొదటి వాహనంలో రెండు, రెండో దాంట్లో ఒకటి నెమ్మదిగా నిండినవి, తొమ్మిది వేడెక్కినవి. మిగతా 22లోంచి ప్లేట్‌లెట్లు వచ్చాయి. ప్లాస్మాలో నాలుగు తెల్లగా వచ్చి తీసేశాం. ఇడ్లీయే పెట్టినా, ఇంటి దగ్గర పొద్దున్నే ఏం తిని వచ్చారో మన చేతిలో ఉండదు.

ఆ తర్వాత మా లిస్టులో మూడు వరుసలు మారాయి. హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు జనరేటర్ ఉందా అని కాకుండా, అది ఏసీలను కూడా నడుపుతుందా అని అడిగి, ఒకసారి ఆన్ చేయించి చూస్తున్నాం. 22 డిగ్రీల ప్లేట్లు క్యాంపుకి ఒక సెట్టు, ఒక రిజర్వు కాకుండా వాహనానికి ఒక సెట్టు చొప్పున, పైన ఒకటి రిజర్వు. పెట్టె రికార్డులో గోడ మీటర్ రీడింగ్ పక్కన ఇంకో గడి గీశాం, రెండు బ్యాగుల మధ్య పెట్టి చూసిన వేడి కోసం, గంటకోసారి, చూసినవాళ్ళ సంతకంతో.